కుక్క పిర్రలు నేలకు రాస్తోందంటే...

కుక్క గచ్చుమీద కూర్చుని, వెనక కాళ్లు గాల్లోకి చాపి, ముందుకాళ్లతో ఒళ్లు లాక్కుంటూ పిర్రలు నేలకేసి రాసుకుంటూ పోతుంటే పిల్లలు పగలబడి నవ్వుతారు. పెద్దవాళ్లు మాత్రం ‘కడుపులో పురుగులున్నాయి, మందు వెయ్యాలి’ అంటారు. దుకాణానికెళ్లి నులిపురుగుల బిళ్ల తెచ్చి వేస్తారు. నాలుగు రోజులు గడిచాక మళ్లీ అదే వరస. ఈసారి రాసుకోవడంతో పాటు తోక కింద అదేపనిగా నాకుతుంది. కూర్చున్నదల్లా ఎవరో గిచ్చినట్టు ఉలిక్కిపడి లేచి వెనక్కి తిరిగి చూసుకుంటుంది. సోఫా మీద, దుప్పటి మీద కుళ్లిన చేపల కంపు.

పురుగుల వల్ల అలా చేసే కుక్కలూ ఉన్నాయి. కానీ చాలాసార్లు అసలు కారణం మలద్వారానికి చెరోపక్క, చర్మం కింద దాగి ఉండే రెండు చిన్న సంచులు. మన పెట్ క్లినిక్కుల్లో వాటిని ‘ఆనల్ గ్లాండ్స్’ అంటారు. ఇది అరుదైన జబ్బేమీ కాదు. బ్రిటన్‌లో లక్షకు పైగా కుక్కల వైద్య రికార్డులు పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్క ఏడాదిలో వందకు నాలుగు కుక్కలకు పైగా ఈ ఇబ్బంది ఉన్నట్టు తేలింది. కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్, షిట్జూ, కాకర్ స్పానియల్ వంటి జాతుల్లో ఇది ఎక్కువగా కనిపించింది. లాబ్రడార్లలో, జర్మన్ షెపర్డ్‌లలో తక్కువ.

ఆ సంచుల్ని పిండేస్తే ఆ పూటకు కుక్కకు హాయి. అందుకే చాలామంది నెలకోసారి పిండించుకుని వస్తూ, అదే వైద్యం అనుకుంటారు. అవి ఎందుకు నిండిపోతున్నాయో కనుక్కోకుండా ఎన్నిసార్లు పిండినా మళ్లీ నిండుతూనే ఉంటాయి. ఒక్కోసారి ఆ పిండడమే కొత్త బాధను తెచ్చిపెడుతుంది.

ఆ సంచులు ఎందుకున్నాయి?

కుక్క తోక ఎత్తి చూస్తే మలద్వారాన్ని గడియారం ముఖం అనుకోండి. నాలుగు అంకె ఉండే చోట ఒకటి, ఎనిమిది అంకె ఉండే చోట ఒకటి, రెండు సంచులుంటాయి. చిన్న కుక్కలో ఒక్కొక్కటి బఠాణీ గింజంత. పెద్ద కుక్కలో ఇంకొంచెం పెద్దది. మలద్వారాన్ని బిగించి ఉంచే కండరాలు రెండు వలయాలుగా ఉంటాయి. ఆ లోపలి వలయానికీ బయటి వలయానికీ మధ్యన ఈ సంచులు ఇరుక్కుని ఉంటాయి. సంచి గోడలోని గ్రంథులు ఘాటైన వాసనగల ద్రవాన్ని ఊరుస్తుంటాయి. అది సన్నటి గొట్టం గుండా వచ్చి మలద్వారం అంచున తెరుచుకున్న చిన్న రంధ్రంలోంచి బయటపడుతుంది.

ఒక కుక్క ఇంకో కుక్కను కలవగానే ముందు తోక కిందే వాసన చూస్తుంది కదా, ఈ ద్రవానికి అందులో పాత్ర ఉంది. ప్రతి కుక్క వాసనా వేరు. మలం పోసినప్పుడు దానిమీద రెండు చుక్కలు పడి ‘ఇక్కడ నేను తిరిగాను’ అని గుర్తు మిగులుతుంది. బాగా భయపడ్డప్పుడు కండరాలు ఒక్కసారిగా బిగుసుకుని ద్రవం మొత్తం చిమ్ముకురావచ్చు. దీపావళి టపాసులకు జడిసిన కుక్క దగ్గర గుప్పుమని కంపు కొడితే అది జబ్బు కాదు.

సంచులు ఖాళీ అయ్యే పద్ధతిలోనే రోగానికి మూలం ఉంది. వాటికి సొంతంగా పిండుకునే బలం లేదు. గట్టిగా, లావుగా ఉన్న మలం లోపలినుంచి వస్తూ ఒకవైపు ఒత్తాలి, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుని రెండోవైపు ఒత్తాలి. ఆ రెండు ఒత్తిళ్ల మధ్య సంచి నలిగితేనే ద్రవం బయటికి వస్తుంది. మలం పలచగా ఉంటే ఒత్తిడి చాలదు. రంధ్రం చుట్టూ చర్మం వాచి ఉంటే, ఒత్తిడి ఉన్నా దారి ఉండదు. కుక్క బాగా లావెక్కితే కొవ్వు పేరుకుని సంచి మీద పట్టు సరిగా పడదు. మూడింటిలో ఏది జరిగినా లోపలిది లోపలే నిలిచిపోతుంది.

నిలిచిన ద్రవంలోంచి నీరు ఇంకిపోయి అది చిక్కబడుతుంది. టూత్‌పేస్టంత గట్టిపడ్డాక ఇక సన్నటి గొట్టంలోంచి రాలేదు. ఇది మొదటి దశ, అడ్డుపడటం. లోపలున్న బ్యాక్టీరియా పెరిగి సంచి గోడ ఎర్రబడి నొప్పి పుడితే రెండో దశ. చీము నిండి గడ్డకట్టి, చివరికి చర్మాన్ని చీల్చుకుని పగిలితే మూడో దశ. మొదటి దశనుంచి మూడో దశకు కొన్ని వారాలు పట్టవచ్చు, కొన్ని రోజులే పట్టవచ్చు.

పురుగులా, గ్లాండ్సా, ఇంకేమన్నానా?

పిర్రలు రాసుకునే కుక్క చెప్పేది ఒక్కటే: వెనక ఏదో దురదగానో నొప్పిగానో ఉందని. కారణం గ్లాండ్సే అని ముందే నమ్మేయకూడదు.

పురుగుల మాట పూర్తిగా తప్పు కాదు, కానీ అన్ని పురుగులూ ఈ పని చేయించవు. ముఖ్యంగా చేయించేది ఒక రకం బద్దెపురుగు. దాని ముక్కలు తెగి మలంతో పాటు వస్తాయి. మలద్వారం చుట్టూ వెంట్రుకలకు బియ్యపు గింజల్లా అంటుకుని, తాజాగా ఉన్నప్పుడు కదులుతూ కనిపిస్తాయి. ఇది బొచ్చులో గెంతే ఫ్లీల ద్వారా వస్తుంది. ఒళ్లు కొరుక్కుంటూ కుక్క ఫ్లీని మింగితే, ఫ్లీ కడుపులోని పురుగు పిల్ల కుక్క పేగుల్లోకి చేరుతుంది. అందుకే దీనికి ప్రాజిక్వాంటెల్ ఉన్న మాత్ర కావాలి. మామూలు నులిపురుగుల మందుల్లో అది లేనివీ ఉన్నాయి, వాటితో బద్దెపురుగు చావదు. ఒంటిమీది ఫ్లీలను వదిలించకపోతే, సరైన మాత్ర వేసినా పురుగు మళ్లీ వస్తుంది.

విరేచనాలయ్యాక వెంట్రుకలకు మలం ఎండిపోయి అంటుకున్నా కుక్క రాసుకుంటుంది. అది కడిగితే పోతుంది. అలర్జీ ఉన్న కుక్కకు మలద్వారం చుట్టూ చర్మమే దురద పెట్టవచ్చు, సంచులు ఖాళీగానే ఉండవచ్చు. జర్మన్ షెపర్డ్‌కు తోక కింద చర్మంలో చిన్న చిన్న బొరియలు పడి రసి కారుతుంటే అది గ్లాండ్స్ జబ్బు కాదు, వేరే చికిత్స కావాల్సిన వ్యాధి.

గ్లాండ్స్ బాధ అని అనుమానించడానికి గుర్తులు ఇవి: రాసుకోవడం, తోక కింద లేదా తోక మొదట్లో ఆగకుండా నాకడం, కూర్చోబోయి లేవడం, మలవిసర్జనకు కూర్చుని ముక్కడం, కుళ్లిన చేపల వాసన. వీటికి తోడు ఒకవైపే వాపు, ఎరుపు, చెయ్యి వేయబోతే అరుపు ఉంటే ఆలస్యం చేయకూడదు. అది రెండో దశ దాటిపోతోందన్న మాట.

ఒక షిట్జూ కథ

క్లినిక్కులకు తరచూ వచ్చే తరహా కుక్కను ఒకదాన్ని ఊహించుకుందాం. అయిదేళ్ల ఆడ షిట్జూ. అపార్ట్‌మెంటులో పెరుగుతోంది. ఆరున్నర కిలోలు ఉండాల్సింది తొమ్మిది కిలోలుంది. పొద్దున పాలలో బిస్కెట్లు, మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రి చికెన్ అన్నం, మధ్యలో అందరూ పెట్టే చిరుతిళ్లు. మలం ఎప్పుడూ కాస్త మెత్తగానే ఉంటుంది. వానాకాలం వచ్చిందంటే పాదాలు నాకుతుంది, చెవులు విదిలిస్తుంది. ఇంట్లోవాళ్లు ఇవేవీ జబ్బు కింద లెక్కేయలేదు. ఇప్పుడు వారం రోజులుగా పిర్రలు రాస్తోందని తీసుకొచ్చారు.

డాక్టరు ముందు తోక ఎత్తి బయటినుంచి చూస్తారు. తర్వాత చేతికి గ్లవ్ తొడుక్కుని, చూపుడు వేలికి జెల్లీ రాసి మలద్వారంలోకి మెల్లగా పోనిస్తారు. లోపల చూపుడు వేలు, బయట బొటనవేలు, మధ్యలో సంచి. ఎంత నిండింది, గోడ మెత్తగా ఉందా, ఎక్కడైనా గట్టి గుండు తగులుతోందా అని తడిమి చూశాకే ఒత్తుతారు. సంచి అడుగునుంచి రంధ్రం వైపు నెమ్మదిగా, దూదిని అడ్డంపెట్టి ఒత్తుతారు. గట్టిగా నొక్కరు. ఒకటి అయ్యాక రెండోది. మచ్చికైన కుక్క అయితే రెండు మూడు నిమిషాల పని.

వచ్చినదాన్ని దూది మీద చూస్తారు. మామూలు ద్రవం పలచగా పసుపుపచ్చగా ఉండవచ్చు, గోధుమరంగులోనూ ఉండవచ్చు. ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లో కూడా రంగు, చిక్కదనం రకరకాలుగా ఉంటాయి, బ్యాక్టీరియా కూడా ఉంటుంది. కాబట్టి రంగు ఒక్కటీ చూసి ఇన్‌ఫెక్షన్ అనేయడం సరికాదు. నొప్పి, వాపు, నెత్తురు చారలు, ఆకుపచ్చటి చీము, వీటన్నిటినీ కలిపి చూసి నిర్ణయిస్తారు. మన షిట్జూకు రెండువైపులా బూడిదరంగు ముద్ద వచ్చింది. నొప్పి పెద్దగా లేదు. అంటే మొదటి దశ. పిండాక రెండు మూడు రోజుల్లో రాసుకోవడం ఆగాలి. పిండినప్పుడు కలిగిన మంటకు మొదటి రోజు కాస్త నాకడం మామూలే.

నాలుగో వారంలో మళ్లీ వచ్చింది. ఈసారి కుడివైపు వేలు తగలగానే అరిచింది, దూది మీద నెత్తుటి చారలు. ఇది రెండో దశ. ఇలాంటప్పుడు పిండి పంపేస్తే సరిపోదు. కుక్కకు మత్తుమందు ఇచ్చి, మొన లేని సన్నటి గొట్టాన్ని సంచి రంధ్రంలోకి పంపి, సెలైన్ నీళ్లతో లోపలంతా తేటగా వచ్చేదాకా కడుగుతారు. ఆ తర్వాత యాంటీబయాటిక్, వాపు తగ్గించే స్టెరాయిడ్ కలిసిన మందును సంచిలోకే నింపుతారు. మందు నేరుగా రోగం ఉన్న చోటికి చేరుతుంది కాబట్టి, ఈ దశలో చాలా కుక్కలకు నోటిద్వారా యాంటీబయాటిక్ అవసరం పడకపోవచ్చు. వారం పది రోజులకు మళ్లీ చూసి, అవసరమైతే ఇంకోసారి కడుగుతారు.

మన షిట్జూవాళ్లు మళ్లీ చూపించడానికి వెళ్లలేదు. కుక్క బాగానే ఉందనిపించింది. నెలా పదిహేను రోజుల తర్వాత ఒక రాత్రి తోక పక్కన కుడివైపు చర్మం ఎర్రగా, ఆపైన ఊదారంగుగా ఉబ్బింది. తిండి ముట్టలేదు. ఒళ్లు కాలిపోతోంది. కుక్కకు మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది, దీనికి 104 ఉంది. తెల్లారేసరికి గడ్డ పగిలి చీమూ నెత్తురూ కారాయి. మలద్వారం పక్కన రెండో రంధ్రం పడ్డట్టు కనిపించేసరికి ఇంటిల్లిపాదీ హడలిపోయారు.

చూడటానికి భయంగా ఉన్నా, గడ్డ పగిలినప్పుడు కుక్కకు నొప్పి కొంత తగ్గుతుంది. కానీ దానంతటదే మానుతుందని వదిలేయకూడదు. డాక్టరు మత్తు ఇచ్చి చుట్టూ బొచ్చు తీసి, రంధ్రం చాలకపోతే కాస్త పెద్దది చేసి, లోపలి చీమంతా కడుగుతారు. గడ్డ ఇంకా పగలకపోతే బాగా మెత్తబడ్డ చోట కోసి చీము తీస్తారు. ఆ గాయానికి కుట్లు వేయరు. కుట్టేస్తే చీము లోపలే మూసుకుపోయి మళ్లీ గడ్డ కడుతుంది. గాయం లోపలినుంచి పైకి మానాలి. ఈ దశలో నోటిద్వారా యాంటీబయాటిక్, కుక్కలకు వాడే నొప్పిమందు తప్పవు. ఇంట్లో రోజుకు రెండు మూడుసార్లు, పది నిమిషాల చొప్పున, గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డతో కాపడం పెట్టమంటారు. గాయం నాకకుండా మెడకు ప్లాస్టిక్ కాలర్ కట్టాలి. జాలిపడి కాలర్ తీసేస్తే మానాల్సిన గాయం మళ్లీ మొదటికొస్తుంది. అన్నీ సరిగా జరిగితే వారం రెండు వారాల్లో గాయం పూడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. మనం వాడే నొప్పి బిళ్లలు కుక్కకు వేయకండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల పేగుల్లో నెత్తురు కార్పిస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం పాడవుతుంది. మలద్వారం దగ్గర డెట్టాల్ పోయడం, కారపు మందులు రాయడం కూడా వద్దు.

అసలు వైద్యం ఇక్కడ మొదలవుతుంది

గాయం మానాక డాక్టరు అడిగే ప్రశ్నలే ఈ కుక్క దశ మారుస్తాయి. ఏం తింటోంది? మలం ఎలా ఉంటోంది? ఒళ్లు ఎప్పుడు గోక్కుంటోంది? ఎంత బరువుంది?

మొదట మలం సంగతి. ఎదిగిన కుక్కల్లో చాలావాటికి పాలలోని చక్కెర సరిగా అరగదు. పాలు మానేస్తేనే చాలా ఇళ్లలో మలం గట్టిపడుతుంది. పెరుగులో ఆ చక్కెర తక్కువే, అయినా కొన్ని కుక్కలకు అదీ పడదు. కాబట్టి కొన్నాళ్లు ఆపి చూడాలి. మలం లావుగా, గట్టిగా, అయినా ముక్కకుండా వచ్చేట్టు ఉండటానికి పీచు పనికొస్తుంది. ఉప్పూ నూనే లేకుండా ఉడికించిన గుమ్మడికాయ గుజ్జును చిన్న కుక్కకు రోజుకు ఒకటి రెండు చెంచాలు తిండిలో కలపవచ్చు. ఇసబ్‌గోల్ పొట్టయితే చిన్న కుక్కకు అర టీస్పూను, పెద్దదానికి ఒకటి రెండు టీస్పూన్లు, నీళ్లలో నానబెట్టి తిండితో పెట్టాలి. పొడిగా పెట్టకూడదు, కుక్క తాగడానికి నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. పీచు ఎక్కువైతే గ్యాసు, మెత్తటి మలం వస్తాయి. తక్కువతో మొదలుపెట్టి మలాన్ని చూస్తూ సర్దుకోవాలి. అందరూ పీచు ఒక్కటే మందు అనుకుంటారు గానీ, అలర్జీ ఉన్న కుక్కకు పీచు ఒక్కటీ చాలదు.

రెండోది అలర్జీ. గ్లాండ్స్ బాధ పదేపదే వచ్చే కుక్కల్లో ఎక్కువగా కనబడని శత్రువు ఇదే. ధూళి, పుప్పొడి, ఫ్లీ కాటు, తిండిలోని ఏదో మాంసకృత్తు, వీటిలో ఏదైనా చర్మాన్ని వాపెక్కించవచ్చు. ఆ వాపు పాదాల్లో, చెవుల్లో, చంకల్లో కనిపించినట్టే మలద్వారం చుట్టూ, సంచుల గొట్టాల్లో కూడా వస్తుంది. గొట్టం మూసుకుపోయి సంచి నిండుతుంది. మన షిట్జూ పాదాలు నాకడం, చెవులు విదిలించడం ఇందుకు ఆనవాళ్లు. ముందుగా ఇంట్లోని కుక్కలకూ పిల్లులకూ అన్నిటికీ నెల నెలా ఫ్లీ మందు వేస్తారు. పిల్లులకు వేరే మందు వాడాలి, కుక్క మందు కొన్ని పిల్లులకు ప్రాణాంతకం. దానితో తగ్గకపోతే తిండి పరీక్ష. ఎనిమిది వారాలపాటు కుక్క ఇంతకుముందెన్నడూ తినని మాంసంతోనో, మాంసకృత్తులను బాగా చిన్న ముక్కలుగా విడగొట్టి తయారుచేసిన ప్రత్యేక ఆహారంతోనో పెంచాలి. ఆ ఎనిమిది వారాలూ ఒక్క బిస్కెట్టు కూడా పెట్టకూడదు. రుచికోసం మాంసం కలిపిన మాత్రలు కూడా ఆపాలి. దురద తగ్గితే పాత తిండి మళ్లీ పెట్టి చూస్తారు. దురద తిరిగొస్తే కారణం తిండేనని తేలుతుంది. తిండి కాదని తేలితే, దురదను అదుపులో పెట్టే మందులు వాతావరణాన్ని బట్టి వాడాల్సి ఉంటుంది.

మూడోది బరువు. షిట్జూ తొమ్మిది కిలోలనుంచి ఏడు కిలోలకు రావాలంటే ఆరు నెలలు పట్టవచ్చు. రోజుకు ఎంత పెట్టాలో కొలిచి పెట్టాలి, ఆ కొలతలోనే చిరుతిళ్లు లెక్కవేయాలి, పొద్దునా సాయంత్రం నడిపించాలి.

ఈ మూడూ కుదిరాక పిండించడానికి వచ్చే వ్యవధి నెలనుంచి మూడు నెలలకు, తర్వాత ఆరు నెలలకు జరిగితే వైద్యం సరైన దారిలో ఉన్నట్టు. వ్యవధి పెరగడం లేదంటే కారణం ఇంకా దొరకలేదని అర్థం. అందుకే రాసుకున్న తేదీ, పిండిన తేదీ, ఏ వైపు ఎక్కువ నిండింది అన్నవి ఒక పుస్తకంలో రాసుకుని డాక్టరుకు చూపించండి. అది ఏ పరీక్షకూ తీసిపోదు.

ఇంట్లో పిండొచ్చా?

ఆరోగ్యంగా ఉన్న కుక్కకు పిండనే కూడదు. చాలా గ్రూమింగ్ సెంటర్లలో స్నానం, గోళ్లు కత్తిరించడంతో పాటు ప్రతిసారీ గ్లాండ్స్ పిండటం ఒక సేవగా చేర్చేస్తున్నారు. బాగా పనిచేస్తున్న సంచిని నెలనెలా నొక్కితే గొట్టానికి, గోడకు దెబ్బ తగిలి వాపు వస్తుంది. ఆ వాపే దారి మూసేస్తుంది. ఏ ఇబ్బందీ లేని కుక్కను ఇచ్చేటప్పుడు ‘గ్లాండ్స్ ముట్టుకోకండి’ అని ముందే చెప్పండి.

తరచూ నిండే కుక్కలకు, డాక్టరు దగ్గర నేర్చుకుని ఇంట్లో బయటినుంచి ఒత్తేవాళ్లున్నారు. బయటినుంచి ఒత్తితే సంచి పూర్తిగా ఖాళీ కాదు, లోపల గడ్డ ఉంటే తెలియదు. నొప్పి, ఎరుపు, వాపు, నెత్తురు ఏది ఉన్నా ఇంట్లో చెయ్యి వేయకూడదు. అప్పుడు నొక్కితే సంచి లోపలికే పగిలి చీము చుట్టూ కండరాల్లోకి పాకుతుంది.

ఆపరేషన్ ఎప్పుడు?

కారణం వెతికి సరిదిద్దినా పదేపదే చీముపట్టే కుక్కలకు, రెండు సంచుల్నీ తీసేయడం దారి. చీము ఉన్నప్పుడు చేయరు, ఇన్‌ఫెక్షన్ పూర్తిగా తగ్గాకే చేస్తారు. సంచి గోడ రవ్వంత మిగిలినా అది మళ్లీ ద్రవం ఊరుస్తుంది, గాయంలోంచి రసి కారుతుంది. మలాన్ని ఆపే కండరం, దాని నరం పక్కనే ఉంటాయి. వాటికి దెబ్బ తగిలితే కుక్క మలాన్ని పట్టుకోలేదు. కొన్ని కుక్కల్లో ఈ ఇబ్బంది మొదటి కొద్ది వారాలు ఉండి తగ్గుతుంది, అరుదుగా శాశ్వతంగా మిగులుతుంది. అందుకే ఈ ఆపరేషన్ ఎన్ని చేశారని డాక్టరును అడగడం తప్పు కాదు. సంచులు లేకపోయినా కుక్క ఆరోగ్యానికి లోటు రాదు. కానీ అలర్జీతో రాసుకునే కుక్క ఆపరేషన్ తర్వాత కూడా రాసుకుంటుంది. చర్మం దురద అలాగే ఉంటుంది కదా.

వయసు మళ్లిన కుక్కలో గట్టి గుండు

ప్రతిసారీ వేలితో తడిమి చూడాలనడానికి బలమైన కారణం ఇది. ఎనిమిది, తొమ్మిదేళ్లు దాటిన కుక్కల్లో సంచి గోడలోని గ్రంథుల్లో క్యాన్సర్ పుట్టవచ్చు. కాకర్ స్పానియల్‌లలో ఇది ఎక్కువ. మొదట్లో బయటికి ఏ వాపూ ఉండదు, కుక్కకు నొప్పీ ఉండదు. సంచి పిండేశాక కూడా వేలికి గోళీలా గట్టిగా తగులుతూ మిగిలిపోతుంది. నిండిన సంచి అయితే పిండగానే కుంగిపోతుంది.

ఈ క్యాన్సర్ కొన్ని కుక్కల్లో రక్తంలో కాల్షియం పెంచుతుంది. దానితో కుక్క నీళ్లు విపరీతంగా తాగుతుంది, మూత్రం ఎక్కువ పోస్తుంది, నీరసపడుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. వెన్నెముక కింద ఉన్న గ్రంథుల్లోకి పాకితే అవి ఉబ్బి పేగును నొక్కుతాయి, మలం సన్నగా, పట్టీలాగా వస్తుంది. గుండునుంచి సూదితో కణాలు తీసి పరీక్ష, రక్తంలో కాల్షియం పరీక్ష, కడుపు స్కానింగ్, ఛాతీ ఎక్స్‌రే చేసి ఎంతవరకు పాకిందో తెలుసుకుంటారు. ఆపరేషనే ప్రధాన వైద్యం. గుండు చిన్నగా ఉన్నప్పుడే దొరికిన కుక్కలు ఎక్కువ కాలం బతుకుతాయి.

మీ ఊళ్లో ఈ సౌకర్యాలు లేకపోతే రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో, గన్నవరంలో పశువైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. స్థానిక డాక్టరు చీటీతో అక్కడికి తీసుకెళ్లవచ్చు.

మీ కుక్క రాసుకుంటుంటే ముందు తోక ఎత్తి చూడండి. మొదటిసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు ‘పిండండి’ అని కాక, ‘ఎందుకు నిండాయో చూడండి’ అని అడగండి. ఎనిమిదేళ్లు దాటిన కుక్కకు ఏ జబ్బూ లేకపోయినా ఏడాదికి రెండుసార్లు, టీకాలకు వెళ్లినప్పుడైనా సరే, వేలితో ఆ పరీక్ష చేయించండి. రెండు నిమిషాలు పట్టే ఆ పరీక్షను మించి, ఆ క్యాన్సర్‌ను తొందరగా పట్టుకునే తేలికైన మార్గం లేదు.